నిద్ర సూది, రఘుపతి మాట

రఘుపతికి మస్కట్ పక్కన రుసైల్‌లో ఫోర్క్‌లిఫ్ట్ డ్యూటీ. అది కంపెనీ ఇచ్చిన పని. ఎవరూ ఇవ్వకుండానే నెత్తిన వేసుకున్న పని ఇంకొకటి ఉండేది. చుట్టుపక్కల క్యాంపుల్లో మన జిల్లాలవాడు ఎవడైనా కన్నుమూస్తే, ఇంటికి ఫోన్ చేసేది రఘుపతే. నేను అతని రూమ్‌లోనే ఉంటాను, నా పేరు గణపతి. ఆ ఫోన్లు ఎన్ని విన్నానో.

అతను ఎప్పుడూ "పోయిండు" అని చెప్పడు. పొద్దున "జర పాణం బాగలేదు, దవాఖానల వేసినం" అంటాడు. మధ్యాహ్నానికి "సీరియస్ ఉన్నది" అంటాడు. మర్నాటికి "డాక్టర్లు ఏం చెప్తలేరు" అంటాడు. ఈలోగా ఆ ఊళ్లో చుట్టాలు పోగవుతారు, పక్కింటివాళ్లు వచ్చి కూర్చుంటారు, అప్పుడు అసలు మాట బయటపెడతాడు. పాము చావకుండా, కర్ర విరగకుండా మాట్లాడడంలో అతన్ని మించినవాడు లేడు. మార్చురీలో ఉన్న మనిషి గురించి "పొద్దున గింత చాయ్ తాగిండు" అని చెప్పిన ఘనుడు. నాకు ఒళ్లు మండేది. "ఎందుకయ్యా ఈ నాటకం?" అని అడిగితే, "ఒక్కసారి చెప్తె గుండె పల్గుతది గణపతన్నా, కొంచెం కొంచెం చెప్పాలె" అనేవాడు. అది అతని ఒక్కడి అలవాటు కూడా కాదు, గల్ఫ్ రూముల్లో అందరూ చేసేదే. కాకపోతే ఊళ్లలోని ఆడవాళ్లు అమాయకులేమీ కారు. గల్ఫ్ నుంచి "సీరియస్" అని ఫోన్ వస్తే దాని అర్థమేమిటో వాళ్లకు ఎప్పుడో తెలిసిపోయింది.

అలాంటి రఘుపతికి పోచన్న విషయంలో గొంతులో వెలక్కాయ పడింది.

పోచన్న మా రూమ్‌లోవాడే. తాపీ మేస్త్రి, రఘుపతిది, అతనిది ఒకటే ఊరు. దగ్గు పట్టుకుంది. సిమెంటు దుమ్మే కదా అని అందరం తేలిగ్గా తీసుకున్నాం. తీరా చూస్తే ఊపిరితిత్తుల్లో క్యాన్సర్, అప్పటికే కాలేయానికి పాకింది. ఇంటికి పంపిద్దామని కంపెనీ కాగితాలు సిద్ధం చేసేలోపు మనిషికి దమ్ము అందకుండా పోయింది. విమానం ఎక్కించే స్థితి కాదన్నారు. మస్కట్‌లో పెద్దాసుపత్రిలో మంచం మీద కూర్చునే ఉండేవాడు. పడుకుంటే ఊపిరాడదు. ఆక్సిజన్ మాస్క్ పీకేసేవాడు. గోడ మీద పరంజా కూలుతోందని అరిచేవాడు. కాసేపటికి తెలివి వచ్చి, నర్సును తోసేసినందుకు సిగ్గుపడేవాడు. ఆ అవస్థ చూడలేక నేను వరండాలోకి వెళ్లిపోయేవాణ్ణి.

శుక్రవారం సెలవు కావడంతో ఇద్దరం పొద్దున్నే వెళ్లాం. డాక్టర్ కమ్రాన్ మమ్మల్ని చిన్న గదిలో కూర్చోబెట్టి ఉర్దూలో నిదానంగా చెప్పాడు. మార్ఫిన్ ఇస్తున్నారు, ఆక్సిజన్ పెట్టారు, కలవరింతలకు మందులు మార్చి చూశారు, దేనికీ ఆయాసం, ఆ బెదురు లొంగడం లేదు. ఇక మిగిలిన దారి మిడజోలం అనే మందు. చిన్న పంపుతో చర్మం కిందకు కొద్దికొద్దిగా పోతూ ఉంటుంది. మనిషి మగతలోకి జారుకుంటాడు, బాధ తెలియదు. పొద్దున తెలివిలో ఉన్నప్పుడు పోచన్ననే అడిగారట. "సులా దో, డాక్టర్ సాబ్", నిద్రపుచ్చెయ్యమని అన్నాడట. మొదలుపెట్టాక మాట్లాడలేకపోవచ్చు కాబట్టి, ఇంటివాళ్లతో ఇప్పుడే మాట్లాడించమన్నాడు డాక్టర్. తెలివి మళ్లీ ఎప్పుడు తప్పుతుందో చెప్పలేనని కూడా అన్నాడు.

"నిద్రపుచ్చడానికీ చంపడానికీ తేడా ఏమిటి సాబ్?" అని ముఖం మీదే అడిగేశాను. ఆయన కోపం తెచ్చుకోలేదు. చంపాలంటే ఒకేసారి చాలినంత ఇస్తారనీ, తాము బాధ తగ్గేంత మాత్రమే ఇస్తామనీ, తక్కువతో మొదలుపెట్టి మనిషిని చూస్తూ అవసరమైతేనే పెంచుతామనీ, ఎక్కువైతే తగ్గిస్తామనీ చెప్పాడు. ప్రాణం తీసేది జబ్బే, మందు కాదన్నాడు. తల ఊపాను కానీ, అర్థమైందని మాత్రం చెప్పలేను. రఘుపతి అయితే తల కూడా ఊపలేదు.

వరండాలోకి వచ్చి ఊరికి ఫోన్ కలిపాడు. పోచన్న భార్య లస్మవ్వ ఎత్తింది. మనవాడు అలవాటు కొద్దీ మొదలుపెట్టాడు.

"వదినె, అన్నకు జర పాణం బాగలేదు. డాక్టర్లు నిద్ర సూది ఇస్తమంటున్నరు. నువ్వు ధైర్నంగ ఉండాలె."

అవతల నుంచి ఒక్కసారిగా గావుకేక. "నా అయ్యో! ఎప్పుడు పోయిండు రఘుపతీ?"

"పోలేదు వదినె! పాణంతోని ఉన్నడు!"

"గంగు మొగడు పోయినప్పుడు గిట్లనే చెప్పినవ్ గదరా! చాయ్ తాగిండంటివి! నాకు తెల్వదా నీ మాట?"

ఫోన్ కింద పడింది. అటు నుంచి ఆడవాళ్ల ఏడుపులు వినిపిస్తున్నాయి. పిలిస్తే పలికేవాళ్లు లేరు. బతికున్న మనిషికి అక్కడ ఏడుపులు మొదలయ్యాయి, ఇక్కడ ఆ మనిషి తెలివిలో ఉన్న కాస్త సమయం కరిగిపోతోంది. "నిజం చెప్తున్న గదా, నమ్మరేంది?" అని రఘుపతి నన్నడిగాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. వీడియో కాల్ చేయవయ్యా అని విసుక్కున్నాను.

పోచన్న కూతురు శ్రీవాణి ఫోన్‌కు వీడియో కలిపి వార్డులోకి పరిగెత్తాం. రఘుపతి ఫోన్ పోచన్న ముఖం ముందు పెట్టాడు. లస్మవ్వ చూసింది. జుట్టు విరబోసుకుని ఉంది, పక్కన ఇద్దరు ఆడవాళ్లు పట్టుకుని ఉన్నారు.

"గిది ఎన్నటి వీడియో? పాతది పెట్టినవా?" అంది.

పోచన్న మాస్క్ కాస్త పక్కకు జరిపాడు. ఒక్కో మాటకు ఒక్కో ఊపిరి తీశాడు. "ఏందే... లొల్లి. నేనింక... సావలే."

వార్డులో నవ్వినవాణ్ణి నేనొక్కణ్ణే. వెంటనే నాకే సిగ్గేసింది. లస్మవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది. పోచన్నే అని నమ్మింది. నమ్మిన మరుక్షణం ఇంకో భయం పట్టుకుంది. "అయితె సూది ఎందుకు? మంచిగ మాట్లాడవట్టె గదా! వద్దు, సూదేసి సంపుతరు! పండవెట్టేదుంటె ఇమానంల పండవెట్టి తోలియ్యుర్రి!"

రఘుపతికి తెలిసిన పద్ధతిలో ఏది చెప్పినా అబద్ధంలాగే వినిపిస్తుంది. అప్పుడు నర్సు అఫ్రీన్ ఫోన్ అందుకుంది. ఆమెది కడప.

"అమ్మా, నేను నర్సును. ఇట్ల చూడు. విమానంలో ఆయన తట్టుకోలేడమ్మా, దారిలోనే ప్రాణం మీదికొస్తాది. ఈ మందు రోగాన్ని నయం చేసేది కాదు. నొప్పి మందు కూడా కాదు, దానికి వేరే మందు పోతానే ఉంటాది, అది ఆపం. ఇది ఆయాసం, ఆ భయం తెలీకుండా నిద్రపుచ్చేది."

"లేస్తడా మల్ల?"

"లేస్తాడని నేను చెప్పలేనమ్మా. మందు తగ్గిస్తే ఒక్కోసారి కండ్లు తెరుస్తారు. కానీ జబ్బు చివరికొచ్చేసింది. శానా వరకు ఆ నిద్రలోనే పోతారు. మందు ఇచ్చినా ఇయ్యకపోయినా ఆయనకు ఉండేది కొద్ది రోజులే. ఆ రోజులు ఎట్ల గడుస్తాయనేదే ఇప్పుడు మన చేతిలో ఉండేది."

"బువ్వ తినకుంట ఎట్ల? ఆకలితోని సస్తడు గదా!"

"ఇప్పుడే ఒక ముద్ద దిగడం లేదమ్మా, శరీరం అడగడం లేదు. నోరు ఎండిపోకుండా మేము తడుపుతా ఉంటాం. పక్కకు తిప్పుతా ఉంటాం. ఊపిరి ఒక్కోసారి ఆగి ఆగి వస్తాది, గొంతులో గురగుర అంటాది. చూసేవాళ్లకు భయమేస్తాది గానీ, ఆ నిద్రలో ఆయనకు దాని బాధ తెలీదనే మేం అనుకుంటాం. జవాబు చెప్పకపోయినా నువ్వు మాట్లాడు. వినపడతా ఉండొచ్చు."

ఆమె ఒక్క మాటకూ చక్కెర పూయలేదు. రఘుపతి ఆమె ముఖంలోకి అలాగే చూస్తూ ఉండిపోయాడు. ఇంతటి మాటలు ఒక్కసారే చెప్పేస్తే లస్మవ్వ గుండె పగిలిపోతుందని అతని భయం. పగల్లేదు. ఆమె మొగుణ్ణి చూపించమంది.

"నువ్వేమంటవ్?" అని అడిగింది.

"పండుకుంట... లస్మీ. దమ్ము... అందుతలేదు."

లస్మవ్వ పక్కన ఏడుస్తున్న ఆడవాళ్లను ఊరుకోమంది. కూతుర్ని ముందుకు లాగి చూపించింది. పోచన్న కూతురి వైపు చెయ్యి ఎత్తాడు, ఫోన్ అద్దానికి వేలు తగిలింది.

"పండుకో మరి," అంది లస్మవ్వ.

మధ్యాహ్నం పంపు పెట్టారు. సినిమాలో లాగా టక్కున నిద్రపోతాడనుకున్నాను. అలా కాలేదు. కాసేపు మెదిలాడు, మళ్లీ పరంజా అన్నాడు. డాక్టర్ వచ్చి చూసి మందు కొద్దిగా పెంచాడు. క్రమంగా బిగుసుకున్న భుజాలు దిగాయి, నుదుటి ముడి విడిపోయింది. ఎన్నో రోజుల తర్వాత పోచన్న ముఖం మా రూమ్‌లో డ్యూటీ నుంచి వచ్చి పడుకున్నప్పటి ముఖంలా కనిపించింది. నాకు ఏడుపొచ్చింది. ఇది మంచిదా చెడ్డదా అన్నది మాత్రం అప్పటికీ తేల్చుకోలేకపోయాను.

మర్నాడు గొంతులో గురగుర మొదలైంది. అఫ్రీన్ ముందే చెప్పినా రఘుపతి హడలిపోయి ఆమెను పిలుచుకొచ్చాడు. ఆమె పోచన్నను పక్కకు తిప్పి పడుకోబెట్టింది. లస్మవ్వ ఫోన్ చేసినప్పుడల్లా మొదటి ప్రశ్న ఒకటే, "ఉన్నడా?" రఘుపతి "ఉన్నడు వదినె" అని ఫోన్ పోచన్న చెవి దగ్గర పెట్టేవాడు. ఆమె మక్కచేను గురించీ, ఈనిన బర్రె గురించీ చెప్పేది. "సూది ఆపిస్తె ఒక్క మాట మాట్లాడుతడా?" అని ఒకసారి అడిగింది. రఘుపతి వెళ్లి డాక్టర్‌నే అడిగాడు. ఆపితే మాట వస్తుందో రాదో కానీ, ఆయాసం మాత్రం తప్పకుండా తిరిగొస్తుందన్నాడాయన. రఘుపతి అదే మాట ఒక్క అక్షరం మార్చకుండా ఆమెకు చెప్పాడు. ఆమె మళ్లీ అడగలేదు.

ఆదివారం డ్యూటీ ఎగ్గొట్టి ఇద్దరం అక్కడే ఉన్నాం. ఊపిరి ఆగింది, వచ్చింది. మళ్లీ ఆగింది. వస్తుందని చూస్తున్నాం. రాలేదు. ఎప్పుడు అయిపోయిందో కూడా మాకు సరిగ్గా తెలియలేదు. అఫ్రీన్ వచ్చి చెయ్యి పట్టి చూసి చెబితే తెలిసింది.

రఘుపతి ఫోన్ తీశాడు. రూమ్‌లో ఇన్నేళ్లుగా చూస్తున్నాను, ఫోన్ పట్టుకుని అంతసేపు నిలబడ్డ రఘుపతిని చూడలేదు. నాకు తెలుసు, చావు మాటను ఒక రోజు జరపడం అతనికి చిటికెలో పని. లస్మవ్వ మొదటి రింగుకే ఎత్తింది. "ఉన్నడా?" అంది.

"లేడు వదినె. అన్న పోయిండు. నేను పక్కనే ఉన్న. ఆయాసం లేకుంట నిద్రలనే పోయిండు."

ఈసారి గావుకేక లేదు. ఊపిరి తీసుకుంటున్న చప్పుడు వినిపించింది. ఆ తర్వాత లస్మవ్వ చాలా మెల్లగా, బతిమాలుతున్నట్టు అంది.

"గట్లనకు రఘుపతీ. సీరియస్ ఉన్నదని చెప్పరాదు. ఈ ఒక్కరోజు."

ఆ మాట ఎందరికో చెప్పిన రఘుపతి, ఫోన్ చెవికి ఆనించుకుని గోడకు తల పెట్టి ఏడ్చాడే గానీ, ఆమెకు మాత్రం చెప్పలేకపోయాడు.