కుందేళ్ల కింద నా ఊక

పెళ్లయిన కొత్తలో చిక్కడపల్లిలో అత్తగారింట్లో ఉండేవాళ్లం. డాబా మీద రేకుల షెడ్డులో నేను నాటుకోళ్లు పెంచేదాన్ని. కింద వెనక గదిలో మా చిన్న తోటికోడలు తెల్ల కుందేళ్లను పెంచేది. చుట్టాలెవరొచ్చినా అత్తమ్మ వాళ్లను ఆ గదికే తీసుకుపోయేది.

"చూడుండ్రి, జర గూడ వాసన లేదు" అనేది.

ఆ మాట వినబడితే నాకు ఒళ్లు మండేది. పొద్దున్నే నా కోళ్ల గుడ్డు తినేది కూడా ఆవిడే మరి.

ఆ వానాకాలం షెడ్డు కంపు కొట్టింది. కోళ్ల కింద నేను వేసే ఊక తడి పెద్దగా పీల్చుకోదు. పైన పొడిగానే కనిపించింది గానీ, అడుగున రెట్టతో కలిసి ముద్దయింది. తోటికోడలు కుందేళ్ల కింద పాత పేపర్లు పీలికలు చేసి వేస్తుందని నాకు తెలుసు. నేనూ పేపర్లే వేద్దామనుకున్నాను. చింపే ఓపిక లేక అట్లనే పరిచాను. సాయంత్రానికి తడిసి నున్నగా అతుక్కుపోయాయి. కోడిపిల్లలు కాళ్లు చెరోపక్కకు జారి చతికిలబడ్డాయి. వరిగడ్డి వేస్తే జల్లు కొట్టి బూజు పట్టింది. రాంనగర్ కోతమిల్లు నుంచి రంపపు పొట్టు తెస్తే తడి పీల్చింది గానీ, కోళ్లు గీకినకొద్దీ దుమ్ము లేచి వాటికి తుమ్ములు పట్టుకున్నాయి.

ఆ రోజుల్లోనే కింది గదిలోంచి కూడా తుమ్ములు వినబడ్డాయి. నిజం చెప్పాలంటే కొంచెం హాయిగా అనిపించింది. చూద్దామని దిగాను. కుందేళ్ల ముక్కులు తడితడిగా ఉన్నాయి. వాటి కింద ఊక!

"ఇదేంది చెల్లె, నా బస్తాలోదేనా?"

ఆమె తలెత్తలేదు. "అత్తమ్మ నాతోని రోజూ నీ గుడ్ల ముచ్చటే చెప్తది అక్కా. గా ఊకలనే ఏమన్న ఉన్నదనుకున్న. అడిగితే ఇయ్యవని తీస్కున్న."

"నా గుడ్ల ముచ్చటా? నాతోనైతే ఎప్పుడూ నీ కుందేళ్ల ముచ్చటే!"

తర్వాత ఆమె ఊకలో చెయ్యి పెట్టి, లేచిన సన్న దుమ్ము నాకు చూపించింది. "దీన్ని నేను జల్లించలేదు గూడ" అంది.

మర్నాడు ఇద్దరం నారాయణగూడలో బల్లలు చేసే వడ్రంగి దగ్గరికి పోయాం. రందా పట్టినప్పుడు రాలే వెడల్పాటి చెక్క చుట్టలు తెచ్చి, డాబా మీద జల్లించి, సన్న పొడి పారబోశాం. కోళ్ల కింద అవి మందంగా పరిచి, రేకు కారే చోట తారు పూశాను. తడిసిన చోటల్లా ఏ రోజుకారోజు తీసేసేదాన్ని. కుందేళ్లకు మళ్లీ పేపరు పీలికలే వేసి, పైన ఎండిన గడ్డి పరిచాం. రెండు చోట్లా తుమ్ములు తగ్గాయి.

ఆ చలికాలం ఆమె రెండు పెట్టలడిగితే ఇచ్చాను. ఆమె బజారుకు పోయినప్పుడల్లా ఆ పెట్టల గూట్లో చెయ్యి పెట్టి, నా కోళ్లకంటే ఎక్కువ గుడ్లు పెడుతున్నాయేమోనని తడిమి చూసేదాన్ని.