కుంచెకు అవతలి కొస

మాది బెజవాడ శివార్లలో మగ్గాల వీధి. స్కూల్ ఫైనలుకు ముందు బడిలో పెట్టిన పరీక్షలో నేను లెక్కల కాగితం మీదే తల వాల్చి నిద్రపోయాను. అంతకుముందు పది రోజులు చదువు ధ్యాసలో సరిగా తిన్నదీ లేదు, పడుకున్నదీ లేదు. హెడ్మాస్టరు మా నాన్నను పిలిపించి, ఇలాగే ఉంటే అసలు పరీక్షకు పంపనన్నారు.

నాన్నకు చదువు రాదు. ఇంటికొచ్చి నన్ను ఎదురుగా కూర్చోబెట్టి, రోజంతా ఎలా గడవాలో వేళ్ల మీద చెప్పాడు. రాత్రి తొమ్మిదికి దీపం ఆర్పాలి. తెల్లవారుజామున నాలుగింటికి లేచి చదవాలి. ఆరింటి మిల్లు కూతకు పుస్తకం మూసి వీధిలోకి రావాలి. గంటసేపు పడుగు దగ్గర పని, తర్వాత చద్దన్నం. తినేటప్పుడు పక్కన పుస్తకం కనిపించకూడదు.

పడుగంటే వీధి పొడుగునా కట్టిన నూలుపోగులు. వాటికి గంజి పట్టించడానికి బారెడు కుంచెను చెరో కొసా పట్టుకుని ఇద్దరు నడవాలి. వారం తిరిగేసరికి నాకు వేళకు ఆకలి వేయసాగింది. పొద్దున చదివింది సాయంత్రానికీ గుర్తుండేది.

అసలు పరీక్షల్లో లెక్కల రోజు కూడా నాన్నతో కలిసి కుంచె పట్టాను. ఎదురింటాయన ఊరుకోలేదు.

"ఏం బావా, పరీక్ష రాసే పిల్లోడితో గంజి పట్టిస్తున్నావా? కూలి మనిషి దొరకలేదా?"

"వాడి ఒంటికి కావాలయ్యా. నువ్వు కూడా నాలుగు అడుగులు వెయ్యి, పొట్ట తగ్గుద్ది."

అంతలో ఆకాశం మబ్బు పట్టింది. గంజి తడి ఆరకముందే వాన పడితే చేసిన పనంతా కొట్టుకుపోతుంది. త్వరగా ముగించి పడుగు ఎత్తాలి. అప్పుడే ఏడయింది.

"ఇదయ్యాక పోతా నాన్నా," అన్నాను.

"నీ గంట అయింది. పోయి తిను."

"వాన వచ్చేట్టుంది."

"వస్తే మళ్లీ పెట్టుకుంటాం. పరీక్ష మళ్లీ పెడతారా?"

నా చేతిలోని కొస అమ్మ అందుకుంది. నేను పెరుగన్నం నెమ్మదిగానే తిని గవర్నర్‌పేటలోని పరీక్ష హాలుకు నడిచాను. దారిలోనే జల్లు పడింది. హాల్లో మొదటి లెక్క చూసేసరికి వాన సంగతి మరిచిపోయాను. ఆ రోజు నాకు కునుకు రాలేదు. చివరి లెక్క పూర్తయ్యాక సరిచూసుకునేందుకు టైము కూడా మిగిలింది.

ఇంటికొచ్చేసరికి తడిసిన పడుగును అమ్మా నాన్నా మళ్లీ పరిచి, రెండోసారి గంజి పట్టిస్తున్నారు. పొద్దున్నించీ ఇద్దరూ తిన్నట్టు లేరు. నేను కుంచె అందుకోబోతే నాన్న ఇవ్వలేదు.

"ఎల్లుండి ఇంగ్లీషు. ముందు ఓ గంట పడుకో."

పాసైనవాళ్లలో నా నంబరు పేపర్లో వచ్చిన రోజున, ఎదురింటాయన చేతికి నాన్న ఆ కాగితం ఇచ్చి, "చదివి పెట్టు బావా," అన్నాడు. ఆయన నంబరు చదివాక మళ్లీ చదవమన్నాడు. వీధిలో ఇంకో ఇద్దరు వచ్చి చేరేదాకా అలా చదివిస్తూనే ఉన్నాడు.