కూలి గడిలో సున్నా

నా మిత్రుడి భార్య తన ఫోను తెచ్చి మా స్నేహితులిద్దరి మధ్య ఉన్న కొటేషన్ కాగితం మీద పెట్టింది. కాగితం మీద నా పెన్సిలు గీతలున్నాయి. ఫోనులో ఆమె పనిచేసే చైల్డ్‌కేర్ సెంటర్ నుంచి వచ్చిన మెసేజీలున్నాయి. మంగళవారం రాగలవా, శుక్రవారం రాగలవా అని. ప్రతిదానికీ కింద ఆమె జవాబు ఒకటే: సారీ, ఈసారి కుదరదు. వేలితో పైకి జరుపుతూ పోతే నవంబరు దాకా అవే. తిరిగి కిందికి వస్తే ఫిబ్రవరి మధ్యలో ఆగిపోయాయి. ఆ తర్వాత అటునుంచి ఎవరూ అడగలేదు.

"అన్నయ్యగారూ, కూలి దగ్గర ఆ సున్నా మీరు వేశారా, ఈయన వేశారా?" అని అడిగింది.

వేసింది నేనే. వెయ్యమన్నది ఆయన.

ఆ ఆదివారం మధ్యాహ్నం ఆస్ట్రేలియాలోని పెర్త్ శివారు కానింగ్ వేల్‌లో వాళ్ల భోజనాల బల్ల దగ్గర కూర్చుని మేం తేలుస్తున్నది ఒకే విషయం: వాళ్ల తోటకు డ్రిప్ వేయిస్తే పెట్టిన డబ్బు ఎన్నేళ్లకు తిరిగి వస్తుంది? తోట పెర్త్‌కు ఉత్తరాన, వాళ్లింటి నుంచి కారులో గంట దూరం. రెండున్నర ఎకరాల ఇసుక నేల, నూట ఎనభై చెట్లు. మామిడి ఎక్కువ, జామ కొంత. వానలు చలికాలంలోనే, అంటే జూన్ నుంచి ఆగస్టు దాకా, పడే ఊరు కాబట్టి నవంబరు నుంచి ఏప్రిల్ దాకా చెట్లకు బోరే దిక్కు. వారానికి రెండుసార్లు వెళ్లి, పైపులు ఒక పాదు నుంచి మరో పాదుకు మార్చుకుంటూ తడపాలి. వెళ్లిన ప్రతిసారీ నాలుగు గంటలు.

ఆయన గనుల్లో ఎలక్ట్రికల్ ఇంజనీరు. రెండు వారాలు సైటులో, ఒక వారం ఇంట్లో. ఇంట్లో ఉన్న వారం తోటకు ఆయన వెళ్తాడు. లేని వారాలు ఆమె వెళ్తుంది. ఇది మాకందరికీ తెలిసిన ఏర్పాటే. అందులో అడగాల్సింది ఏమైనా ఉన్నట్టు ఎవరికీ తోచలేదు.

కొటేషన్ ఇచ్చిన కుర్రాడు వరంగల్ వైపు వాడు. ఇక్కడికి చదువుకోవడానికి వచ్చి, ఇప్పుడు ఒక ఇరిగేషన్ దుకాణంలో పనిచేస్తున్నాడు. ఆదివారం బ్యాడ్మింటన్‌లో మాకు పరిచయం. మనవాడు కదా అని మిత్రుడు అతణ్ణి పిలిచాడు. మనవాడు కాబట్టే నాకు అనుమానం మొదలైంది. పత్రికలో పాతికేళ్లు పనిచేశాను. తెలిసినవాడు తెచ్చిన కాగితాన్ని తెలియనివాడి కాగితం కన్నా రెండు సార్లు ఎక్కువ చదవాలని అక్కడ నేర్పారు.

మొత్తం పదకొండు వేల నాలుగు వందల డాలర్లు. ప్రధాన పైపు, ఫిల్టరు, టైమరు, వాల్వులు, వరుసకు రెండేసి డ్రిప్ లైన్లు, కందకం తవ్వి బిగించే కూలి. కింద ఒక పట్టిక. ఏటా నీటి ఆదా పదకొండు వందల ఇరవై. ఏటా కూలి ఆదా సుమారు ఐదు వేలు. పెట్టుబడి రెండేళ్లలోపే తిరిగి వస్తుందని ఆకుపచ్చ అక్షరాల్లో ఉంది.

ముందు వరుసకు రెండు లైన్లెందుకని పట్టుకున్నాను. మిత్రుడిది అనంతపురం. వాళ్ల నాన్న చీనీ, అంటే బత్తాయి, తోటకు మొదట్లో వేసింది ఒకే లైను, అదీ ప్రభుత్వం సగానికి పైగా భరిస్తే. ఇక్కడ ఎవరూ ఏమీ భరించరు, పైగా లైన్లు రెండు. కుర్రాడికి ఫోను చేశాం. ఇసుకలో నీళ్లు పక్కకు పాకవు అంకుల్, సీదా కిందికి పోతయి, ఒక్క లైనైతే చెట్టుకు ఒకవైపే తడి తగుల్తది అని చెప్పాడు. నమ్మలేదు. మరో దుకాణానికి ఫోను చేసి అడిగాను. వాళ్లూ అదే చెప్పారు. అది నిజమని తేలినందుకు నాకు కొంచెం నిరాశ కలిగిందని ఒప్పుకోవాలి.

తర్వాత నీటి గడి. ఏడాదికి వాడుతున్నది పద్నాలుగు వందల కిలోలీటర్లనీ, అందులో నలభై శాతం మిగులుతుందనీ, కిలోలీటరు రెండు డాలర్లనీ వేశాడు. మిత్రుడు కళ్లద్దాలు పైకి తోసుకున్నాడు.

"ఏమప్పా, బోరు నీళ్లకు మనం యాడ కడ్తాండాం దుడ్డు?"

నిజమే. బోరుకు లైసెన్సుంది, ఏడాదికి ఇంత తోడుకోవచ్చని పరిమితి ఉంది, కానీ తోడిన నీటికి ధర లేదు. మిగిలేది మోటారు కరెంటు ఒక్కటే. మిత్రుడు లెక్క వేశాడు. ఏటా నలభై అయిదు డాలర్లు. మళ్లీ ఫోను చేశాం.

"గది డిఫాల్ట్ అంకుల్. టౌన్ వాటర్ రేటు ముందే ఫీడ్ అయి ఉంటది. బోరున్నోళ్లు మార్చుకోవచ్చు."

మార్చుకోవచ్చని కాగితం మీద ఎక్కడుందని అడిగాను. నవ్వి, మీరు ఇంకా ప్రెస్‌ల ఉన్నట్టే మాట్లాడతరు అంకుల్ అన్నాడు. అతను అబద్ధమాడాడని నేననను. లెక్కల షీటు తయారుచేసినవాడికి ఆ అంకె అక్కడుంటే లాభం, అమ్మేవాడికి దాన్ని కదపకపోతే లాభం. అంతవరకే నాకు తెలుసు.

ఒక గడి తప్పని తేలాక పక్క గడి మీద గౌరవం మిగల్లేదు. కూలి: ఏటా రెండు వందల ఎనిమిది గంటలు తడుపుతున్నారు, అందులో ఎనభై శాతం మిగులుతుంది, గంటకు ముప్పై డాలర్లు. ఎవరికిస్తున్నాం ముప్పై డాలర్లు అన్నాడు మిత్రుడు. తోటలో కూలి మనిషి లేడు. జీతం చీటీ లేదు. నేను ఐదు వేలు కొట్టేసి సున్నా వేశాను. పదకొండు వేల నాలుగు వందల్ని నలభై అయిదుతో భాగిస్తే రెండు వందల యాభై మూడేళ్లు వచ్చింది.

"మా మునిమనవడి మునిమనవడికి కిట్టుబాటైతాది లేప్పా" అన్నాడు.

ఫిల్టరుకూ, పాడైన డ్రిప్పర్లకూ ఏటా రెండు వందల యాభై అవుతుందని నేను గుర్తుచేశాను. అంటే ఎప్పటికీ రాదు. ఇద్దరం గట్టిగా నవ్వుకున్నాం. ఆ నవ్వు వినే ఆమె వంటగదిలోంచి వచ్చింది.

ఆమెది గుంటూరు. ఎదురు మాట్లాడాల్సి వస్తే ముందు కూర్చుంటుంది. కుర్చీ లాక్కుని కూర్చుని, సాయంత్రాలు ఉద్యోగం అయ్యాక వెళ్లి తడుపుతున్నానని మీరనుకుంటున్నారా అని భర్తను అడిగింది. ఆయన అలాగే అనుకుంటున్నాడు. రానుపోను రెండు గంటలు, తడపడం నాలుగు గంటలు. సాయంత్రం ఎక్కడ పడుతుంది? మంగళవారం, శుక్రవారం పొద్దున్నే వెళ్తోంది. సెంటర్‌లో ఆమె పర్మనెంటు కాదు. ఎవరైనా సెలవు పెడితే పిలుస్తారు, వెళ్తే ఆ రోజుకు జీతం. చేతికి నూట యాభై దాకా వస్తుంది. ఆయన సైటులో ఉన్న పదిహేడు వారాల్లో, వారానికి రెండు రోజులు, ముప్పై నాలుగు రోజులు ఆమె రానని చెప్పింది, లేదా పిలిస్తే రానని చెప్పడానికి సిద్ధపడి ఉంది.

మిత్రుడు ఫోను తీసుకుని మెసేజీలన్నీ చదివాడు. తేదీలు చూస్తున్నాడని అర్థమైంది. తన డ్యూటీ రోస్టరుతో సరిచూసుకుంటున్నాడు. భార్య మాటనే సరిచూస్తున్నాడని నాకు కొంచెం చిరాకు వేసింది. కానీ గంట నుంచి నేను చేస్తున్నదీ అదే పని.

"నాతో ఎందుకు చెప్పలేదు?"

"చెబితే తోట అమ్మేద్దామంటారు. అది నాకిష్టం లేదు. సెంటరూ వదలడం ఇష్టం లేదు. అరవై ఒకటి నాకు. వీళ్లు పిలవడం మానేస్తే కొత్తగా ఇంకెవరు పిలుస్తారండీ?"

ఆమె నా చేతిలోని పెన్సిలు తీసుకోలేదు. సున్నా చెరిపి మళ్లీ వెయ్యండి అంది, అంతే.

మళ్లీ వేశాం. ఈసారి ప్రతి అంకె దగ్గరా ఆమెను అడిగాం. డ్రిప్ వస్తే తోటకు పోవడం పూర్తిగా మానొచ్చా? కుర్రాడి షీటు ప్రకారం దాదాపు అంతే. ఆమె ఒప్పుకోలేదు. జనవరి ఎండకు ఆ ఇసుకలో ఒక డ్రిప్పరు మూసుకుపోయి ఎవరూ చూడకపోతే వారంలో చెట్టు వాడిపోతుంది. బోరు నీళ్లలో ఇనుము ఉంది, తొట్టి అంచున తుప్పు రంగు చార కనిపిస్తూనే ఉంటుంది, ఫిల్టరు కడగాలి. కాబట్టి శనివారం ఒకసారి వెళ్లక తప్పదు. వారానికి రెండు ప్రయాణాల్లో ఒకటే తగ్గుతుంది. సీజనుకు ఇరవై ఆరు ప్రయాణాలు, పన్నెండు డాలర్ల చొప్పున పెట్రోలు మూడు వందల పన్నెండు. కరెంటు నలభై అయిదు. మంగళ, శుక్రవారాలు రెండూ ఖాళీ అవుతాయి కానీ సెంటరు ప్రతిసారీ పిలవదు. సగం సార్లు పిలుస్తుందనుకుందాం అంది. పదిహేడు రోజులు, రెండు వేల అయిదు వందల యాభై. మరమ్మతు ఖర్చు రెండు వందల యాభై తీసేస్తే ఏటా రెండు వేల ఆరు వందల యాభై ఏడు.

నాలుగేళ్ల పైచిలుకు.

కుర్రాడి రెండేళ్లూ కాదు, మా ఎప్పటికీ రాదూ కాదు. అతని నీటి గడి తప్పు. కూలి గడిలో అంకె తప్పైనా, ఆ గడిలో ఒక మనిషి ఉందని మొదట రాసింది అతనే. అది తెలిసి రాశాడా, డిఫాల్టుగా ఉందా అని నేను ఇప్పటికీ అడగలేదు.

మిత్రుడు ఆ సాయంత్రం సంతకం చేయలేదు. సగం సార్లు పిలుస్తారన్నది ఎవరు చెప్పారు అన్నాడు. ఫిబ్రవరి నుంచి పిలవనివాళ్లు మళ్లీ పిలుస్తారా అన్నది డ్రిప్ దుకాణం వాళ్లు రాసిచ్చే సంగతి కాదు. మర్నాడు ఆమె సెంటరుకు వెళ్లి, వచ్చే నవంబరు నుంచి అన్ని రోజులూ వస్తానని చెప్పి వచ్చింది. సరే, పేరు రాసుకున్నాం అన్నారట. సైటుకు వెళ్లే ముందు రోజు ఆయన అడ్వాన్సు కట్టాడు. నీళ్లు పరీక్ష చేయించి, దానికి తగ్గ ఫిల్టరు ఇస్తేనే మిగతాది ఇస్తానని నా చేత ఒక వాక్యం రాయించి కుర్రాడి దగ్గర సంతకం తీసుకున్నాడు. కుర్రాడు సంతకం పెడుతూ, అంకుల్‌కు నా మీద నమ్మకం లేదు అని ఆమెతో అన్నాడు. మా ఆయనకు ఎవరి మీదా లేదు బాబూ, ఏం అనుకోకు అంది.

లైన్లు శీతాకాలంలో పడ్డాయి. నవంబరు నుంచి టైమరు తెల్లవారుజామున తనే నీళ్లు వదులుతోంది. శనివారాలు ఆమె వెళ్లి వరుసల వెంట వంగి ఒక్కో డ్రిప్పరూ చూస్తుంది. రెండుసార్లు నేనూ వెళ్లాను. మంగళ, శుక్రవారాల్లో ఆమె యూనిఫాం వేసుకుని ఏడింటికల్లా సిద్ధంగా ఉంటుందని మిత్రుడు చెప్పాడు.

ఈ సీజనులో ఆయన సైటులో ఉన్న పదకొండు వారాలు గడిచాయి. ఆ ఇరవై రెండు రోజుల్లో సెంటరు ఆమెను పిలిచింది మూడు సార్లు.