కళ్లకద్దుకున్న కార్డు

జగ్గయ్యపేటలో అనంతరామయ్య స్టీలు సామాన్ల కొట్టు పెట్టి నలభై ఏళ్లు. పొద్దున బోణీ సొమ్మును కళ్లు మూసుకుని కళ్లకద్దుకోకుండా ఆయన ఏనాడూ గల్లా పెట్టెలో వేయలేదు. కిందటి వారమే బ్యాంకువాళ్లు కార్డు తాకిస్తే చాలనే కొత్త మిషను ఇచ్చి వెళ్లారు.

సోమవారం బోణీ చిల్లకల్లు అంగన్‌వాడీ టీచరు కృపావతిది. కుక్కరు కొని కార్డు అందించింది. ఆయన దాన్ని మిషనుకు ఇలా తాకించి, అలా తీసి కళ్లకద్దుకున్నాడు. మిషను కీచుకీచుమంది.

"అయిపోయిందమ్మా. స్లిప్పు రాలేదేంటో, కాగితం అయిపోయినట్టుంది."

"పర్లేదు బాబాయిగారూ, బస్సొచ్చేస్తోంది."

మధ్యాహ్నం కొత్త కాగితం వేసి అమ్మకాల పట్టీ తీస్తే అందులో కుక్కరు లేదు. ఆయన మనసు విచారణ లేకుండానే తీర్పు చెప్పేసింది.

గురువారం ఆమె మళ్లీ వచ్చింది. కొట్టులో నలుగురున్నారు.

"ఏం టీచరమ్మా, ఫోన్లో ఏదో నొక్కి నా డబ్బు కాన్సిల్ చేసుకున్నావుగా?"

"నేనేం నొక్కుతానండీ? మెసేజ్ రాలేదు, సిగ్నల్ లేదేమో అనుకున్నా." ఆమె ముఖం కందిపోయింది.

"పిల్లలకు నీతులు చెప్పేది ఈవిడే!" అన్నారెవరో. అందరూ నవ్వారు. అనంతరామయ్యా నవ్వాడు. ఆమె నోట్లు లెక్కపెట్టి బల్లమీద ఉంచి, ఏమీ కొనకుండానే వెళ్లిపోయింది.

ఆదివారం నందిగామ బ్యాంకులో పనిచేసే మనవరాలు సంహిత వచ్చి కొట్టులో కూర్చుంది. బోణీ బేరానికి కార్డు తాకించిన తాతగారి చేయి మిషను మీంచి లేవగానే అరిచింది.

"తాతయ్యా, అప్పుడే తీసేశావేం? స్క్రీన్ చూడు, మళ్లీ పెట్టమంటోంది."

"మోగిందిగా!"

"అది తప్పయిందని మోగింది. మిషను కార్డును పూర్తిగా చదివేదాకా కదపకూడదు. మధ్యలో తీసేస్తే ఆ చెల్లింపును మిషనే రద్దు చేసేస్తుంది. బ్యాంకుకు కబురే వెళ్లదు, ఖాతాలోంచి పైసా కదలదు."

"ఎవరూ ఏమీ నొక్కక్కర్లేదా?"

"ఎవరు నొక్కుతారు? నీ చెయ్యే!"

ఆయన స్టూలు లాక్కుని కూర్చున్నాడు. కృపావతి విషయంలో జరిగింది చెప్పాడు.

"ఫోన్ చేసి సారీ చెప్పేయరాదూ?"

"నిందవేసింది ఫోన్లో కాదమ్మా."

మర్నాడు చిల్లకల్లు అంగన్‌వాడీ గుమ్మంలో, పిల్లల్ని దింపుతున్న తల్లులందరి ముందూ, అనంతరామయ్య గొంతెత్తి చెప్పాడు: "టీచరుగారు ఏ తప్పూ చేయలేదు. కార్డు ముందుగా తీసింది నేను. నింద వేసిందీ నేనే."

తల్లులు అయోమయంగా చూశారు. వాళ్లకు ఆ నింద సంగతే తెలియదు. కృపావతి ఒక పిల్లవాడి బొత్తాం పెడుతూ తలెత్తలేదు.

"ఆ నింద విననివాళ్లకు చెప్పారు బాబాయిగారూ. విన్నవాళ్లు మీ కొట్టులో ఉన్నారు."

తిరుగు బస్సులో ఆయన వేళ్లు మడిచి ఆ నలుగురినీ గుర్తు తెచ్చుకున్నాడు. రెండు వేళ్ల దగ్గర ఆగిపోయాడు. మిగతా ఇద్దరి ఊరూ పేరూ ఆయనకు తెలియదు.