సందులోకి అడుగున్నర

మద్దిలేటి హిందూపురం డిపోలో ముప్పై ఒక్క ఏళ్లు బస్సు తోలాడు. ఏ సందులో ఏ బండి పడుతుందో కంటితో చూసి చెప్పగలడని డిపోలో పేరు. రిటైరయ్యాక, రైల్వే స్టేషన్ వెనక సందులో ఉన్న సొంతింటికి చేరాడు. ఇంటి ముందు పదమూడడుగుల పొడవున ఖాళీ జాగా ఉంది. స్కూటరు తప్ప అక్కడ పెట్టడానికి ఆయనకేమీ లేదు.

ఆ జాగాకు గిరాకీ ఉందని ఆయనకు తెలియజేసింది చంద్రశేఖర్. అతనిది లేపాక్షి దగ్గర పల్లె. రోజూ తెల్లారి కారులో వచ్చి, హిందూపురంలో రైలెక్కి బెంగుళూరులో ఉద్యోగానికి పోతాడు. స్టేషన్ చుట్టుపక్కల కారు నిలపడం గగనంగా ఉందని, నెలకు వెయ్యి ఇస్తానని అడిగాడు. చిన్న కారు. లోపలికి తోసేస్తే ఇంకా జానెడు జాగా మిగిలేది. తాళంచెవి మద్దిలేటి ఇంట్లో మేకుకు తగిలించి పోయేవాడు. రెండేళ్లు ఇద్దరికీ ఏ చిక్కూ లేదు.

మొన్న ఉగాదికి చంద్రశేఖర్ పెద్ద కారు కొన్నాడు. మొదటి రోజు జాగాలో పెట్టి, దిగి వెనక్కి పోయి చూశాడు.

"పెదనాయనా, వెనక సందులోకి వచ్చినట్లుండాదే. పడకపోతే చెప్పు, ఇంకో చోట చూసుకుంటా" అన్నాడు.

మద్దిలేటి చూశాడు. అడుగున్నర బయటికొచ్చింది. సందు ఎనిమిదడుగులు. ఎదుటి పక్కంతా కాంపౌండు గోడే. మిగిలేది ఆరున్నర. ఆ లెక్క ఆయన మనసులో రెప్పపాటులో తేలిపోయింది. ఆ వెంటనే పోబోయే బాడిగ కూడా గుర్తొచ్చింది.

"ఆటోలు పోతాయిలేబ్బా. నేను బస్సు తోలినోణ్ణి, నాకు తెల్దా? కాకపోతే పెద్ద బండి గదా, పదిహేను నూర్లు చేసుకో."

చంద్రశేఖర్ సరేనని తాళంచెవి చేతికియ్యబోయాడు. మద్దిలేటి తీసుకోలేదు.

"వద్దప్పా. కొత్త బండి. గీత పడితే నా మీదికొస్తాది. నీ దగ్గరే పెట్టుకో."

సందు చివర ఇంట్లో ఆశీర్వాదం సారు, ఆయన భార్య చిన్నమ్మ ఉంటారు. సారు హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాడు. వారం తిరక్కముందే చిన్నమ్మ కూరగాయల సంచితో పోతూ ఆగి, "అన్నా, కారు దోవలోకి వచ్చిందే, బండ్లు యాడ తిరుగుతాయి?" అని అడిగింది.

"ఆటో పోతాది చిన్నమ్మా. నాది గ్యారంటీ."

ఆ మాట అబద్ధం కాదు. ఆటో పోతుంది. ఆటో కంటే వెడల్పు బండి పోదన్న సంగతి మాత్రం ఆయన నోట రాలేదు.

ఆషాఢంలో ఒక మంగళవారం పొద్దున తొమ్మిదింటికి, టిఫిను తింటున్న సారు చేతిలోంచి పళ్లెం జారింది. మూతి ఒక పక్కకు లాగేసింది. చిన్నమ్మ కేకలకు సందంతా పరుగెత్తింది. ఎవరో నూట ఎనిమిదికి ఫోన్ చేశారు. బండి తొందరగానే వచ్చింది గానీ, మద్దిలేటి ఇంటి ముందు ఆగిపోయింది.

"ఈ కారెవరిది? తీయండి" అని డ్రైవరు అరిచాడు.

కారాయన అప్పటికి బెంగుళూరు దగ్గరపడి ఉంటాడు. తాళంచెవి అతని జేబులోనే ఉంది. ఐదుగురు మగవాళ్లు వెనక పట్టి ఎత్తి జరపబోయారు. అది ఇంచి కూడా కదల్లేదు. డ్రైవరు రెండుసార్లు అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆ బండి అందులో పట్టదని మద్దిలేటికి తెలుసు. ఉగాది నుంచీ తెలుసు. అయినా అందరితోపాటు నిలబడి, "ఇంకొంచెం ఎడమకు, ఇంకొంచెం" అని చెయ్యి ఊపుతూనే ఉన్నాడు. కడకు స్ట్రెచరు తీసుకుని లోపలికి పరుగెత్తారు. ఎగుడుదిగుడు బండల మీద దాని చక్రాలు నిలవలేదు. మద్దిలేటి ముందుండి సారును దుప్పట్లో పడుకోబెట్టి, ఒక కొస తాను పట్టి, బండిదాకా మోశాడు. అంతా అయ్యేసరికి పావుగంట పోయింది.

ఆసుపత్రిలో స్కాన్ చూసిన డాక్టరు, "మందు వేసినాం. ఇంకొంచెం ముందొచ్చి ఉంటే మేలేమో. ఖాయంగా చెప్పలేను" అన్నాడు. ఆ "ఏమో" మద్దిలేటి చెవిలో ఉండిపోయింది.

సాయంత్రం చంద్రశేఖర్ రైలు దిగి వచ్చేసరికి సందులోవాళ్లు కారు చుట్టూ నిలబడి ఉన్నారు.

"బుద్ధుందా నీకు? దోవలో బండి పెట్టి తాళంచెవి ఎత్తుకపోతావా?" అని పక్కింటి ఓబుళప్ప మీదికొచ్చాడు. "మద్దిలేటన్నా, నువ్వు చెప్పలేదా ఈయప్పకు?"

అందరూ తన వైపు తిరిగారు. మద్దిలేటి నోట్లోంచి ఆ మాట ఎట్లా వచ్చిందో ఆయనకే తెలియదు.

"చెప్పినా. వింటేనా?"

చంద్రశేఖర్ ఆయన ముఖంలోకి చూశాడు. కారు తీసుకుని పోయాడు. మళ్లీ రాలేదు. ఆ నెలకు రోజులింకా మిగిలే ఉన్నా, బాడిగలో ఒక్క రూపాయి తిరిగి అడగలేదు.

పన్నెండు రోజులకు సారు ఇంటికొచ్చాడు. కుడి చెయ్యి లేవదు. మాట ముద్దగా వస్తుంది. చూడబోయినవాళ్లందరితో చిన్నమ్మ ఒకటే మాట చెప్పేది: "మా మద్దిలేటన్న మోసుకుని పోబట్టి సరిపోయింది. లేకుంటే ఆ పొద్దు ఏమైపోతుండెనో." ఆ మాట విన్న ప్రతిసారీ మద్దిలేటికి కూర్చున్నచోట ముళ్లు మొలిచినట్టుండేది. ఇంటికొచ్చి కంచం ముందు కూర్చుని, అన్నం కెలికి లేచిపోయేవాడు.

భార్య యశోదమ్మ నాలుగు రోజులు చూసి, ఐదోనాడు కంచం పక్కకు జరిపింది.

"ఆ పిల్లోడు తాళంచెవి ఇస్తాంటే వద్దన్నది నేను వినలేదనుకున్నావా? పోయి చెప్పు. నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

మద్దిలేటి ముందు చంద్రశేఖర్‌కు ఫోన్ చేశాడు. "తప్పు నాది నాయనా. నీ మీద వేసినా" అన్నాడు. "నాకు కూడా తెలుసు గదా పెదనాయనా, బయటికొచ్చిందని. నేను పెట్టకుండా ఉండొచ్చు" అన్నాడు చంద్రశేఖర్. ఓదారుస్తున్నట్టు లేదు ఆ గొంతు. అతనూ ఆ లెక్కే వేసుకుంటున్నాడు.

తర్వాత ఓబుళప్పను వెంటబెట్టుకుని సారు ఇంటికి పోయాడు. ఒంటరిగా చెప్తే అది సందుకు చెప్పినట్టు కాదనిపించింది. మంచం పక్కన నిలబడి అంతా చెప్పాడు. అడుగున్నర సంగతి, బాడిగ పెంచిన సంగతి, వద్దన్న తాళంచెవి, ఆడిన అబద్ధం. ఓబుళప్ప తల వంచుకున్నాడు. చిన్నమ్మ సారుకు గంజి తాగిస్తున్న గిన్నె కింద పెట్టి, కొంగుతో ఆయన మూతి తుడిచింది. తర్వాత అంది:

"నేను అడిగినప్పుడు చెప్పింటే, నేనేమన్నా కొట్లాడుతుంటినా అన్నా? ఆ బండి రెండు రోజుల్లో వేరేచోటికి పోతుండె. అంతే గదా."



ఆశీర్వాదం సారు ఎడమ చెయ్యి ఎత్తి ఏదో చెప్పబోయాడు. మద్దిలేటి వంగి చెవి దగ్గర పెట్టాడు. మూడుసార్లు చెప్పించుకున్నా ఆ మాట అందలేదు. క్షమించాడో, తిట్టాడో, నీళ్లు అడిగాడో. చిన్నమ్మకు అర్థమైంది కానీ ఆమె చెప్పలేదు. మద్దిలేటి అడగలేదు.

ఇప్పుడా జాగాలో రెండు మోటారు సైకిళ్లు మాత్రం నెల బాడిగకు ఉంటాయి. సందుకు జానెడు లోపలే నిలపాలి, తాళంచెవి ఇచ్చిపోవాలి. అట్లా ఒప్పుకోనివాళ్లను పంపించేస్తాడు. వారానికి మూడు రోజులు సారును కసరత్తుకు ఆసుపత్రికి తీసుకుపోయే ఆటోను సందు చివరిదాకా వెనక్కి తోలించేది మద్దిలేటే. చిన్నమ్మ ఆయనతో మాట్లాడుతుంది. "ఆటో వచ్చిందా?" అని అడుగుతుంది. అన్నా అని మాత్రం పిలవదు.