కాలిపోయిన బల్బుల డబ్బా

దేవకృప మా ఐటీఐలో ఎలక్ట్రీషియన్ పని చెబుతుంది, నేను కుట్టుపని చెబుతాను. రెజిమెంటల్ బజార్‌లో పాత బిల్డింగు మాది. పైన ఆవిడ ల్యాబు, కింద నా మిషన్లు. మధ్యాహ్నం ఇద్దరం ఒక్కచోటే అన్నం తింటాం కాబట్టి ఆవిడ గురించి నాకు తెలిసినంత ఆవిడ చెల్లెలికి కూడా తెలియదు. ఆ చెల్లెలు బ్యూలా ఇంట్లోనే, మారేడ్‌పల్లిలో, మేడ మీద గదిలో ఉంటుంది దేవకృప. పెళ్ళి చేసుకోలేదు. బ్యూలా కొడుకు ఐజాక్‌ను ఎత్తుకుని తిరిగిందీ, పలక పట్టించిందీ, చివరికి తన క్లాసులోనే చేర్పించిందీ ఆవిడే.

పరీక్షకి ప్రశ్నలు తయారుచేయడంలో ఆవిడకో పద్ధతుంది. మా జిరాక్స్ మిషను సంగతి తెలిసిందే, బొమ్మ వేస్తే నల్లటి మరక వస్తుంది. అందుకని సర్క్యూట్‌ను మాటల్లో రాస్తుంది. ముందు చెక్క బోర్డు మీద నిజంగానే కలుపుతుంది. అందులో ఒక భాగాన్ని తనే పాడుచేస్తుంది. ఆ పైన మీటరు పెట్టి ఎక్కడ ఎన్ని వోల్టులు వస్తున్నాయో చూసి రాసుకుంటుంది. ఆ రీడింగులను బట్టి పాడైన భాగమేదో పిల్లలు ఆలోచించి చెప్పాలి. పాడుచేయడానికి అన్నిటికన్నా సులువు బల్బు. మోండా మార్కెట్ దగ్గర ఆటో మెకానిక్కులు పారేసే మాడిన బల్బులు ఏరుకొచ్చి ఒక బిస్కెట్ డబ్బాలో పోస్తుంది. ఇంట్లో ఆ డబ్బా ఐజాక్ మంచం కిందే ఉండేది.

ఈ ఏడు గొడవంతా ఒక్క ప్రశ్న దగ్గర వచ్చింది. లిఫ్టు ప్యానెళ్ళు చేసే కంపెనీ ఒకటి ఏటా మా మోడల్ పరీక్షలో మొదటి ర్యాంకు వచ్చినవాళ్ళని ఒక్కరినే ట్రైనింగుకి తీసుకుంటుంది. మిగతావాళ్ళు రోజుకూలి కోసం అడ్డా మీద నిలబడాల్సిందే. ఐజాక్‌కి మొదటి ర్యాంకు వచ్చింది. శ్రీలేఖ అనే అమ్మాయి ఒక్క మార్కు వెనక.

ఆ ప్రశ్న ఇది. పన్నెండు వోల్టుల బ్యాటరీ ప్లస్ నుంచి వైరు ఫ్యూజుకీ, అక్కణ్ణుంచి స్విచ్చికీ, స్విచ్చి నుంచి బల్బుకీ వెళ్తుంది. బల్బు రెండో కొస నుంచి ఇంకో వైరు బ్యాటరీ మైనస్‌కి తిరిగొస్తుంది. స్విచ్చి వేసినా బల్బు వెలగడం లేదు. మీటరు నల్ల తీగ మైనస్ మీద పెట్టి ఎర్ర తీగతో చూస్తే ఫ్యూజు దాటాక పన్నెండు, స్విచ్చి దాటాక పన్నెండు, బల్బు మొదటి కొస దగ్గర పన్నెండు. లోపం ఎక్కడ? ఫ్యూజా, స్విచ్చా, బల్బా, తిరిగొచ్చే వైరా? దేవకృప రాసుకున్న జవాబు బల్బు. శ్రీలేఖ వైరు అని రాసింది.

జవాబుపత్రం పట్టుకుని ఆ పిల్ల అన్నాల వేళకి వచ్చింది. ముద్ద నోట్లో పెట్టుకోబోతున్న దేవకృప ముందు నిలబడి నెమ్మదిగానే అడిగింది.

"మేడమ్, బల్బు దాటినంక రీడింగ్ ఇయ్యలే మీరు. బల్బు మాడినా, వైరు తెగినా ఈ మూడు రీడింగులు గిట్లనే వస్తయ్ గదా. మరి నాది ఎట్ల తప్పు?"

దేవకృప చెయ్యి కడిగేసుకుంది. పైకెళ్ళి బోర్డు కలిపి, మంచి బల్బు పెట్టి, మైనస్ వైపు వైరు ఊడదీసి చూసింది. పన్నెండు, పన్నెండు, పన్నెండు. బల్బు రెండో కొస దగ్గర కూడా చూసి ఉంటే తేడా తెలిసేది. బల్బు మాడితే అక్కడ సున్నా, వైరు తెగితే అక్కడా పన్నెండే. ఆ ఒక్క రీడింగు ఆవిడ రాయలేదు.

కిందికి వచ్చి నా మిషను పక్కన కూలబడింది. "లోపం నేనే పెట్టాను కదా జ్యోతీ, అది ఎక్కడుందో నాకు ముందే తెలుసు. రీడింగులు దానికి సరిపోయాయా అని చూశాను. ఇంకోదానికీ సరిపోతాయేమో అని చూడలేదు" అంది. ఆవిడ ముఖం చూస్తే జాలేసింది.

రెండు జవాబులూ ఒప్పుకుంటే ఇద్దరికీ సమానమవుతుంది. ఒప్పుకోకపోతే చెల్లెలి కొడుక్కి సీటు కట్టబెట్టిందని ఊరంతా అంటుంది. ఒప్పుకుంటే బ్యూలా ఊరుకోదు. ప్రిన్సిపాల్ లక్ష్మణ్ సార్ దగ్గరకి వెళ్తే ఆయన ఇంకో మేకు కొట్టాడు. ప్రశ్న తప్పని మీరే చెప్తే, వచ్చే నెల మీ కాంట్రాక్టు పొడిగించమని పైవాళ్ళకి నేను ఏం చెప్పాలి అన్నాడట. ఆ సాయంత్రం బ్యూలా మెట్ల మీదే నిలబెట్టి అడిగిందట, కన్నబిడ్డలాంటివాడి నోటి దగ్గర కూడు లాగేస్తావా అని. ఉద్యోగం ఆయన చేతిలో, ఉండే గది చెల్లెలి చేతిలో. నేనైతే నోరు మూసుకుని ఊరుకునేదాన్ని. ఆ మాటే ఆవిడతో అంటే నా మీద విసుక్కుంది.

మర్నాడు రెండు జవాబులూ సరైనవేనని చెప్పేసింది. సమానమైన ఇద్దరికీ బోర్డు మీద పరీక్ష పెట్టమన్నాడు సార్. మళ్ళీ చిక్కే. బల్బు పాడుచేస్తే ఐజాక్ కోసమంటారు, వైరైతే శ్రీలేఖ కోసమంటారు. అందుకని రెండు బోర్డులు కలిపింది. ఒకదాంట్లో మాడిన బల్బు. రెండోదాంట్లో బల్బు మంచిదే, తిరిగొచ్చే వైరును మాత్రం పైతొడుగు తీయకుండానే స్క్రూ కింద బిగించింది. చూడ్డానికి కలిసినట్టే ఉంటుంది, కరెంటు మాత్రం పోదు. ఇద్దరూ రెండూ చెయ్యాలి, ఒకరి తర్వాత ఒకరు. సాక్షిగా నన్ను కూర్చోబెట్టారు. మాకు మనసులో ఒకటే ఆశ, ఐజాక్ బాగా చేస్తే అందరి నోళ్ళూ మూతపడతాయని.

ముందు శ్రీలేఖ వచ్చింది. మొదటి బోర్డు మీద నాలుగు చోట్లా మీటరు పెట్టి, చివరిచోట సున్నా చూసి బల్బు అంది. రెండోదాని మీద నాలుగోచోటా పన్నెండు రాగానే వైరు వెంట వేలు పోనిచ్చి స్క్రూ విప్పి చూపించింది.

ఐజాక్ వచ్చాడు. మీటరు ముట్టుకోలేదు. మొదటి బోర్డులో బల్బు మార్చాడు, వెలిగింది. రెండోదానికీ బల్బు మార్చాడు. వెలగలేదు. కొత్తది కూడా మాడిందేమోనని ఇంకోటి పెట్టాడు. అదీ వెలగలేదు. దేవకృప చీర కొంగు పిడికిట్లో బిగించి గోడకేసి చూస్తోంది. పరీక్ష పెట్టేది తనే, నోరు విప్పడానికి లేదు. వాడు తలెత్తి ఆవిడ వైపు తిరిగాడు. భయం లేదు, సిగ్గూ లేదు, ఒట్టి ఆశ్చర్యం.

"నీ ప్రశ్నల్ల ఎప్పుడూ బల్బే గదా, పెద్దమ్మా" అన్నాడు.

లక్ష్మణ్ సార్ కాగితం మీద ఏదో రాసుకున్నాడు. దేవకృప వాడి చేతిలోంచి బల్బు తీసుకుని డబ్బాలో వేసింది. ఏడ్చి ఉంటే బాగుండేది, ఏడవలేదు.

శ్రీలేఖ కంపెనీకి వెళ్ళిపోయింది. బ్యూలా అక్కతో మాట్లాడదు, చర్చిలో కూడా వేరే వరసలో కూర్చుంటోందట. కాంట్రాక్టు కాగితం ఇంకా రాలేదు. దేవకృప మాత్రం ఆ ఇంటికే వెళ్ళి, ఆ మెట్లే ఎక్కి, ఆ గదిలోనే పడుకుంటోంది. ఎక్కడికని పోతుంది?

నిన్న కొత్త ప్రశ్న ఒకటి రాసి నాకు తెచ్చిచ్చింది. ఈసారి అన్ని రీడింగులూ ఇచ్చానంది. లోపం ఎక్కడో నువ్వు చెప్పు అంది. కుట్టుపనిదాన్ని, నాకేం తెలుసు? పైనుంచి కింది దాకా చదివి బల్బు అన్నాను. సరైన జవాబే. ఎలా తెలిసిందని అడిగింది.

"నువ్వు రాసిన ప్రశ్న కదా" అన్నాను.

కాగితం నా చేతిలోంచి తీసుకుంది. మడతపెట్టి, చింపి, నా మిషను కింద గుడ్డపీలికల బుట్టలో వేసి పైకి వెళ్ళిపోయింది.