మేనమామ లేని పెండ్లి ఆల్బం

నేను ముప్పై ఏండ్లు దిగిన బొగ్గుబాయి మీద, నన్ను అందులనించి రోజూ సల్లగ పైకి పంపిన దేవుని మీద ఒట్టు పెట్టి చెప్తున్న, ఇందుల ప్రతి మాటా నిజం. నా మాట సగానికి సగం కోసి వినాలని గోదావరిఖనిలో చానమంది అంటరు. వాళ్లెవరూ ఈ ఆల్బం చూడలేదు.

మా బిడ్డ పెండ్లి ఎండాకాలంల అయింది. ఫోటోలకు చౌరస్తా కాడి స్టూడియో ఆయనను మాట్లాడినం. ఆయన మా పెండ్లికి వచ్చిండనుడు తప్పు. పెండ్లినే ఆయన ముందటికి తీసుకపోయినం. పంతులు మంత్రం మధ్యల ఉంటె ఫ్లాష్ పడలేదని ఆపిండు. జీలకర్ర బెల్లం రెండోసారి పెట్టించిండు. మా అల్లుడు తాళి పట్టుకొని, చెయ్యి గాలిలనే పెట్టుకొని, ఆయన నవ్వుమన్నప్పుడు నవ్వి, ముడి వెయ్యుమన్నప్పుడు వేసిండు. ముహూర్తం పంచాంగంల ఉంటదని నేను అప్పటిదాక అనుకుంటి.

నా భార్యకు ఒక్కడే తమ్ముడు. కాసిపేట దిక్కు బాయిల టింబర్‌మన్, అంటే లోపల కప్పు కూలకుంట దుంగలు నిలబెట్టే మనిషి. ఆ దుంగలు మోసి మోసి నడుం పోయింది. అయినా మా ఇండ్లల్ల పెండ్లిపిల్లను పీటల దాక మేనమామనే ఎత్తుకరావాలె. బామ్మర్ది అంగి లోపల నడుముకు బెల్టు బిగించుకొని పిల్లను ఎత్తిండు. సగం దూరం రాంగనే ఫోటోగ్రాఫర్ చెయ్యి అడ్డం పెట్టిండు. "కాకా, గట్లనే ఉండు. కదలకు. ఇటు చూడు." మా బామ్మర్ది మొఖం ఎర్రగయ్యే దాక నిలబెట్టి నాలుగు తీసిండు.

ఆల్బం నలభై రోజులల్ల ఇస్తనన్నడు. నలభై ఎప్పుడో దాటినయి. అడుగవోతే, ఫోటోలను ఆల్బం పేజీలుగ కూర్చే డిజైనర్ కరీంనగర్ల ఉంటడట, ఆయన అత్తగారింటికి పోయిండట. తర్వాత కంప్యూటర్ల వైరస్. ఆ తర్వాత లాబుల మిషిని చెడింది. తెలంగాణ కోసం మేము సమ్మెకు దిగినంక ఆయనకు గొప్ప సాకు దొరికింది. "బస్సులు లేవు కదన్నా, ఆల్బం ఎట్ల తెస్త?" అన్నడు. బాయిలు బందుపెట్టి రోడ్డు మీద కూసున్న నాకే సమ్మె సంగతి చెప్పిండు. సమ్మె అయిపోయింది, మేము మళ్ల డ్యూటీ ఎక్కినం, బస్సులు తిరుగవట్టినయి. ఆయన ఆల్బం ఒక్కటే ఇంకా సమ్మెల ఉండె.

చలికాలంల వచ్చింది. అప్పటికి మా బిడ్డకు ఏడో నెల. ఇంటికి తెచ్చి తెరిస్తె, మా బిడ్డ తామర పువ్వుల కూసున్నది. అల్లుడు చంద్రుని మీదికెల్లి తొంగి చూస్తున్నడు. రాష్ట్రం దాటి ఎరుగని నేను మంచుకొండల ముందట చేతులు జోడించి నిలబడ్డ. ఇదంతా ఉన్నది. ఎదుర్కోళ్లు మాత్రం లేవు. మేనమామ పిల్లను ఎత్తుకొచ్చింది లేదు. ఆయన మాకు బట్టలు పెట్టింది లేదు. పెండ్లికొడుకు మేనమామకేమో జలపాతంతోని రెండు పేజీలు.

ఆల్బం చూద్దామని బామ్మర్ది పెండ్లాంతోని వచ్చిండు. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాక మెల్లగ తిప్పిండు. మళ్ల వెనుకనుంచి ముందుకు తిప్పిండు. "మంచిగున్నది బావా" అన్నడు. చాయ సగంల ఇడిసిపెట్టి లేచిపోయిండు. రెండు రోజులకు ఆయన పెండ్లాం ఫోన్ చేసి, వియ్యంకుల ముందట తక్కువోడనే మీరు కావాలని ఏరి తీసేయించిండ్రట, సీమంతానికి ఆయన రాడట అని చెప్పింది. నా భార్యకు తల్లిదండ్రులు లేరు. పుట్టినిల్లంటె ఆ తమ్ముడే. ఆమె కండ్లు తుడుచుకొని అన్న మాట ఒక్కటే: "వాడు రాకుంటె బిడ్డ ఒళ్లె చీరె ఎవలు పెడ్తరు?"

స్టూడియోకు పోయి అడిగితె ఆ దొర తల కూడ ఎత్తలేదు. "ఆ టైముకు మీరు నన్ను పిలువలే అన్నా. నేను వచ్చేసరికే పిల్ల పీటల మీద ఉన్నది" అన్నడు. తాళి కట్టుడు ఆపించిన మనిషి, మేము పిలువలేదని చిన్నబోయిండు పాపం.

ఊరి ఫోటోగ్రాఫర్లకు ఒక సంఘం ఉన్నది. దాంట్ల కాయితం రాసిచ్చిన. వాళ్ల అధ్యక్షుడు రీళ్ల కాలం నుంచి పెండ్లిళ్లు తీసిన ముసలాయన. ఇద్దరినీ పిలిచి కూసోబెట్టిండు. స్టూడియో ఆయన మళ్ల అదే పాట పాడిండు. అప్పుడు నేను లేచి, సంచిలనుంచి పెండ్లి వీడియో సీడీ తీసి పెట్టిన. వీడియో వేరే మనిషి తీసిండు, ఎప్పుడో ఇచ్చిండు. ఏ పెండ్లి వీడియోలనైనా ఎక్కువ కనపడేది ఫోటోగ్రాఫర్ల ఈపులే గనుక మేము దాన్ని సరిగ్గ చూడలేదు. మేనమామ పిల్లను తెచ్చే కాడికి వచ్చింది. టీవీ నిండ ఒక నీలం అంగి ఈపు. దానికి అటొక మోచెయ్యి, ఇటొక మోచెయ్యి, మా బామ్మర్దివి. ఫ్లాష్ నాలుగుసార్లు మెరిసింది.

అధ్యక్షుడు బొమ్మ ఆపి, కండ్లద్దాలు సదురుకొని అడిగిండు: "ఈ ఈపు ఎవలదిరా?"

ఆ రోజు కూడ అదే అంగి వేసుకొచ్చిండు పుణ్యాత్ముడు. ఇగ చెప్పక తప్పలేదు. అదే రోజు బసంత్‌నగర్ల ఇంకో పెండ్లి ఒప్పుకున్నడట. కెమెరాల మా ఫోటోలున్న మొదటి మెమరీ కార్డు నిండితె జేబుల వేసుకొని, కంప్యూటర్లకు ఎక్కించకుంటనే ఆ పెండ్లికి ఉరికిండట. అక్కడ ఖాళీ కార్డనుకొని మా కార్డునే పెట్టి, చెరిపేసి, దాని మీద ఆ పెండ్లంత తీసిండట. చెరిపినంక ఒక్కటి కూడ తియ్యకుంట తెచ్చి ఉంటె ఏదో సాఫ్ట్‌వేర్‌తోని కొన్నన్న మళ్ల తీయొచ్చునట. మీద నిండ తీసినంక ఏమీ రావట. వైరసూ, సమ్మే అన్నీ ఆ సంగతి బయటపడకుంట నెట్టిన రోజులే.

సంఘం వాళ్లు ఇచ్చిన పైసలు వాపసు ఇప్పిస్తమన్నరు. నేను వద్దన్న. "మా బామ్మర్ది ఇంటికి పోయి, ఆయన ముందట కూసొని, తప్పు నాదని నీ నోటితోని చెప్పు. అంతే" అన్న. ఊరంత తెలుస్తదని బతిమాలిండు. ఇంకో ఆల్బం ఉత్తగనే చేసిస్తనన్నడు. తామర పువ్వు ఒక్కటి చాలన్న.

కాసిపేటకు తోలుకపోయిన. బామ్మర్ది మంచంల బోర్ల పండుకొని నడుముకు నూనె రాయించుకుంటున్నడు. లేవకనే అంతా విన్నడు. కార్డు సంగతి రెండుసార్లు చెప్పించుకున్నడు. తర్వాత, "నొప్పి ఇంకా ఉన్నది. ఫోటో లేదు. నీ కార్డు కన్న నా నడుమే నయం, ఏదీ చెరుపలే" అన్నడు. ఆయన పెండ్లాం మొఖం తిప్పుకొని నవ్వింది. బామ్మర్ది అప్పుడు నా దిక్కు చూసి, "అక్కకు చీరె ఏ రంగు కావాల్నో అడుగు బావా. బిడ్డకు నేను చూసి పెట్టిన" అన్నడు.

సీమంతానికి అందరికంటె ముందే వచ్చిండు. ఫోటోలు మా అల్లుడు సెల్‌ఫోన్‌తోని తీసిండు.

ఇగ అబద్ధం ఎక్కడున్నదో చెప్పాలె, ఇది నా భార్య చదువుతది గనుక. సంఘంల సీడీ పెట్టింది నేను కాదు, ఆమెనే. నేను పదకొండు పేజీల ఫిర్యాదు రాసుకపోయి మూడో పేజీ చదువుతుంటె, అధ్యక్షునికి ఆవులింతలు వస్తుంటె, ఆమె లేచి టీవీ పెట్టుమన్నది. నాలుగు రోజులు ఆ వీడియో ముందట కూసొని తమ్ముని మోచేతులు ఏరి పట్టుకున్నది ఆమె. పైసలు వద్దన్నదీ, తప్పు నీ నోటితోని చెప్పుమన్నదీ ఆమెనే. నేనైతె పైసలకు సరేనందామని నోరు తెరిచిన.